చుక్క పెట్టి పంపిన పెళ్లి ఫోటో

కెట్టీ మోల్‌గోర్ పదహారో ఏట మా ఊరి ఫోటో స్టూడియోలో పనికి చేరింది. నెగెటివ్ మీద సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముఖాల మీది మచ్చలు, ముడతలు మాయం చేయడం ఆమె పని. చేయి కుదిరాక రంగులు అద్దే పని కూడా ఇచ్చారు. నలుపు తెలుపు బొమ్మ మీద దూది చుట్టిన పుల్లతో బుగ్గలకు ఎరుపు, గౌనులకు నీలం అద్దేది. పంతొమ్మిదేళ్లు ఆ గదిలోనే కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. రంగు ఫిల్ములొచ్చి స్టూడియో మూతపడ్డాక బడి వంటశాలలో చేరి, పిల్లలకు బంగాళాదుంపలు ఉడికించింది. దానికేమీ బాధపడలేదు. "ముఖాలకు మెరుగులు దిద్దాను, ఇప్పుడు ముఖాలకు తిండి పెడుతున్నాను" అనేది.

మొగుడు ఆక్సెల్ చనిపోయిన ఏడాదే ఆమె సాయం చేయడానికి మా స్థానిక చరిత్ర భాండాగారానికి వచ్చింది. పాత బడి భవనం కింది అంతస్తులో రెండు గదులు మావి. ప్రతి మంగళవారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా తెరుస్తాం. నా పేరు టోవె. చర్చి కార్యాలయంలో ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాసి, ఇప్పుడు ఇక్కడ ఊరికే రాస్తున్నాను. హెల్గె మూడోవాడు. పాల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసిన ఇంజనీరు. మా కంప్యూటర్లన్నీ అతని చేతిలోనే ఉంటాయి. కెట్టీ వచ్చిన మొదటి రోజే గోడమీది ఫోటో చూపించి, "ఈ మేయర్ గారి జుట్టు సగం నేను గీసిందే" అంది. ఆ రోజు నుంచి ఫోటోల విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పింది హెల్గె ఒక్కడే.

మూడేళ్ల కిందట, మార్చి నెలలో ఒక మంగళవారం, మా వెబ్‌సైటు ద్వారా ఒక ఫోటో వచ్చింది. పంపేవాళ్లు పేరు, ఈమెయిలు, ఫోటో వివరాలు నింపాలి. పేరు దగ్గర ఎల్. రౌన్‌కేర్ అని ఉంది. వివరాల గడి ఖాళీగా వదిలితే వెబ్‌సైటు ఒప్పుకోదు. అందుకని ఆ పంపినావిడో ఆయనో అక్కడ ఒక చుక్క పెట్టి ఊరుకున్నారు. ప్రశ్న లేదు, నమస్కారం లేదు, పేర్లు లేవు.

హెల్గె దాన్ని పెద్ద తెర మీద పెట్టాడు. పెళ్లి బృందం. పొలం ఇంటి ముందు రెండు వరసల్లో పద్నాలుగు మంది. మధ్యలో కుర్చీల్లో పెళ్లికూతురు, పెళ్లికొడుకు. బొమ్మంతా పలచటి టీ రంగుకు తిరిగింది. ఎడమవైపు పై మూల అయితే ఎండలో ఏళ్లతరబడి ఉన్నట్టు పూర్తిగా వెలిసిపోయి, అక్కడ ఒక గోధుమరంగు మరక మాత్రం మిగిలింది. వెనక వరసలో చివరన ఒక యువతి నిలబడి ఉంది. కత్తిరించిన పొట్టి జుట్టు, చీకటిలాంటి గౌను. ముందు వరసలోని ముసలమ్మలూ నలుపే కట్టారు. అప్పట్లో పెద్దవాళ్ల మంచి బట్టలు అవే. వయసు పిల్లల్లో మాత్రం అంత ముదురు రంగు వేసుకున్నది ఆమె ఒక్కతే. మిగతా అమ్మాయిలంతా లేత గౌనుల్లో ఉన్నారు.

"ఏం కావాలంట?" అంది కెట్టీ, కాఫీ కప్పు దూరంగా జరిపి.

"ఏమీ రాయలేదు. చుక్క పెట్టారు" అన్నాను.

"చుక్కా? అంటే మన ఇష్టమన్నమాట" అన్నాడు హెల్గె ఉత్సాహంగా. "ఇంకేం కావాలి, బాగుచేసి రంగులేసి పంపుదాం. ఇలాంటి ఫోటో పంపేవాళ్లకి ఇంకేం కోరిక ఉంటుంది?"

"ఏ ఏడాదిదో తెలుసుకోవాలని ఉండొచ్చు. మనుషులెవరో అడగాలనుకున్నారేమో. మన దగ్గర దాచమని ఇచ్చారేమో. నీకెలా తెలుసు?" అన్నాను నేను.

నేను మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. ఫోటో అందింది, మీకు ఏ సహాయం కావాలో చెప్పండి అని. వారం గడిచినా జవాబు లేదు. ఈలోపు హెల్గె ఊరుకోలేదు. ఇంట్లో కూర్చుని ఫోటోను, దానంతట అదే బాగుచేసి రంగులద్దే ప్రోగ్రాంలో పెట్టాడు. తర్వాతి మంగళవారం గర్వంగా చూపించాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. మరకలు పోయాయి. ఆకాశం నీలంగా, గడ్డి పచ్చగా, ముఖాలు నిన్న తీసినంత తేటగా ఉన్నాయి. వెనక వరసలోని ఆ పిల్ల గౌను బొగ్గులా నల్లగా వచ్చింది.

కెట్టీ కళ్లజోడు ముక్కు చివరికి జార్చి పావుగంట చూసింది. తర్వాత వేలు తెర మీద పెట్టింది.

"ఈ తాతకి ఆరో వేలు ఎక్కడ్నించి వచ్చింది?"

"చిన్న పొరపాటు. సరిచేస్తా."

"ఈవిడ ముఖం చూడు. అసలు దాంట్లో కళ్లు మసగ్గా ఉన్నాయి, నోరు కనపడదు. దీంట్లో చక్కగా నవ్వుతోంది. ఈ నవ్వు ఎవరిది, హెల్గె?"

"అంటే... ప్రోగ్రాం ఊహించి వేస్తుంది. లక్షల ముఖాలు చూసిన అనుభవం దానిది."

"లక్షల ముఖాలు చూసింది, ఈవిడ ముఖం చూడలేదు. మరి ఈ మూలన మరక ఏమైంది?"

"మరకే కదా, తీసేసింది."

"మరకో కాదో నువ్వు చూశావా?"

హెల్గె మొహం ఎర్రబడింది. "నువ్వు మాత్రం పంతొమ్మిదేళ్లు చేసిందేమిటమ్మా? జనం మొటిమలు చెరిపి, బుగ్గలకి రంగు పూశావు. నువ్వు చేస్తే కళ, నా కంప్యూటర్ చేస్తే అబద్ధమా?"

ఆ మాటకు కెట్టీ నొచ్చుకుంటుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"సరిగ్గా అడిగావ్. మా కౌంటరు దగ్గర ప్రతి కవరు మీద రాసేవాళ్లం. కళ్లు బూడిద రంగు, గౌను లేత పచ్చ, రిబ్బను పసుపు అని. మనిషి ఎదురుగా నిలబడి చెప్పేవాడు. రాత లేని కవరు నా బల్ల మీదికి వస్తే నేను రంగు ముట్టేదాన్ని కాదు, వెనక్కి పంపేదాన్ని. యజమాని తిట్టినా సరే. ఇక్కడ కవరు మీద ఏముంది? చుక్క."

"అయితే ఏం చేద్దామంటావ్? వెనక్కి పంపేద్దామా?"

"లేదు. రంగు చెప్పడానికి మనిషి కావాలి గానీ, ఫోటో కొంత తనంతట తానే చెబుతుంది. అది చెప్పినంత వరకు రాసి పంపుదాం. అసలుని ముట్టుకోవద్దు. కాపీ మీద వెలిసిపోయినదాన్ని వెలికితీద్దాం. కొత్తగా ఒక్క గీత కూడా గీయొద్దు. ఆ పెద్ద ఫైలు నాకు తెరిచి పెట్టు."

అదృష్టం ఏమిటంటే పంపినవాళ్లు ఫోటోను మంచి స్కానర్ మీద, రంగులతో సహా, పెద్ద సైజులో తీయించారు. కెట్టీ హెల్గెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చిత్రాన్ని మూడు పొరలుగా విడదీయించింది. ఎరుపు, పచ్చ, నీలం. ఎరుపు పొరలో ఆ మూల దాదాపు తెల్ల కాగితమే. నీలం పొర తెరవగానే మేం ముగ్గురం ముందుకు వంగాం. వెలిసిన బొమ్మ పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు నీలం పొరలో ముదురుగా పడుతుంది. కంటికి పోయిందనుకున్నది అక్కడ ఇంకా మిగిలే ఉంది.

హెల్గె మెల్లగా నలుపు తెలుపుల తేడా పెంచుతూ పోయాడు. ముందు ఒక కొట్టం గోడ కనిపించింది, తారు పూసిన చెక్కలతో. దాని పక్కన ఒక కర్ర. కర్ర మీద, మేం మరకనుకున్న చోట, గాలికి కొంచెం తిరిగిన జెండా. ముదురు బట్ట మీద తెల్లటి శిలువ.

"మన దేశం జెండాయే" అన్నాను. పెళ్లికి జెండా ఎగరేయని పొలం మా వైపు ఉండదు.

హెల్గె మౌసు మీంచి చేయి తీశాడు. "నేను దీన్ని చెరిపేశాను" అన్నాడు.

కెట్టీ అతని వైపు చూడలేదు. జెండానే చూస్తోంది. "మన జెండా ఏ రంగు, హెల్గె?"

"అదేం ప్రశ్న? ఎరుపు."

"ఇక్కడ ఎలా ఉంది?"

"నల్లగా. పక్కన తారు గోడ ఎంత నల్లగా ఉందో అంత నల్లగా."

"అదీ సంగతి. ఆ రోజుల్లో ఫోటో తీసే గాజు ప్లేట్లలో చాలావాటికి ఎరుపు కనపడేది కాదు. నీలం తెల్లగా, ఎరుపు నల్లగా వచ్చేది. ఆకాశం చూడు, ఉత్త తెలుపు. ఎరుపు సరిగ్గా పట్టుకునే ప్లేటయితే జెండా మధ్యస్థంగా బూడిద రంగులో ఉండేది." ఆమె వేలు మెల్లగా కుడివైపుకు జరిపి, వెనక వరస చివరి పిల్ల దగ్గర ఆపింది. "మరి ఈ గౌను నలుపని నీ ప్రోగ్రాంకి ఎవరు చెప్పారు?"

తర్వాత రెండు మంగళవారాలు ఆమె ఆ ఫోటో మీదే కూర్చుంది. కింద కుడి మూలన కాగితం మీద నొక్కిన ముద్ర ఉంది. దీపం పక్కనుంచి వేసినట్టు నీడలు పెంచితే ఫోటోగ్రాఫర్ పేరు సగం చదవగలిగాం. మా దగ్గరున్న పాత వ్యాపారుల జాబితాలో ఆ పేరు 1922 నుంచి 1931 దాకా ఉంది. పెళ్లికూతురు మేలిముసుగు కనుబొమల దాకా దించి కట్టుకుంది. గౌనుల నడుము తుంటి మీదికి జారింది, అంచు పిక్కల సగానికి ఉంది; ఆ దశాబ్దం మధ్యలో వచ్చిన ఫ్యాషన్ అది. గుమ్మం పక్క, వసంతం చివర పూసే లైలాక్ పొద విరబూసింది. ఇవన్నీ కలిపి కెట్టీ చెబుతుంటే నేను ఉత్తరం రాశాను. ప్రతి మాటా ఆమె రెండుసార్లు చదివించుకుంది.

"ఫోటో 1925కీ 1928కీ మధ్య, మే చివర గానీ జూన్ మొదట్లో గానీ తీసినదని అనుకుంటున్నాం" అని మొదలుపెట్టాం. ఎందుకలా అనుకుంటున్నామో వరసగా రాశాం. పద్నాలుగు మంది ఎలా కూర్చున్నారో, ఎవరి చేయి ఎవరి భుజం మీదుందో రాశాం. ఆ పిల్ల గురించి ఇలా రాశాం: "వెనక వరసలో కుడి చివరి యువతి ముదురు రంగు గౌను వేసుకుంది. బట్టకు మెరుపుంది. శోకానికి వేసుకునే క్రేప్ బట్టకు సాధారణంగా ఆ మెరుపు ఉండదు. ఈ ఫోటోలో ఎర్ర జెండా నల్లగా పడింది కాబట్టి, గౌను నలుపు కావచ్చు, ఎరుపు కావచ్చు. ఫోటోను బట్టి తేల్చలేం." రంగులు వేసిన కాపీ పంపలేదు. ముట్టుకోని అసలు ఫైలు, తేటపరిచిన కాపీ, ఉత్తరం పంపాం.

మూడో రోజు ఫోను మోగింది. "నేను లిస్సీ రౌన్‌కేర్‌ని. మంగళవారం రావచ్చా?" అంతే.

ఓర్‌హూస్ నగరం నుంచి రైలెక్కి వచ్చింది. ఎనభై నాలుగేళ్లు, చేతికర్ర, భుజాలు మాత్రం నిటారుగా. మేం పంపిన ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది. కూర్చోగానే వేలు పెట్టి ఆ పిల్లను చూపించింది.

"ఈమె మా అమ్మ. డాగ్నీ. పెళ్లికూతురు మా పెద్దమ్మ ఎల్నా. 1926, జూన్ ఐదు."

కెట్టీ నా వైపు తల తిప్పి చిన్నగా ఊపింది. ఏడాదీ నెలా రెండూ కుదిరాయి కదా అన్న సంతోషం దాచుకోలేదు.

లిస్సీ చెప్పిన కథ ఇది. పెళ్లికొడుకు మొదట డాగ్నీ వెంటే తిరిగాడని ఊళ్లో అనుకునేవారు. పెళ్లయిన నెలకే డాగ్నీ రాజధానికి వెళ్లిపోయి కుట్టుపనిలో స్థిరపడింది. అక్కాచెల్లెళ్లు క్రిస్మస్‌కు కార్డులు తప్ప మరేం రాసుకోలేదు. ఎల్నా ఇంట్లో ఈ ఫోటో గోడకు ఉండేది. ఆమె పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు. అక్క పెళ్లికి చెల్లెలు శోకపు బట్టలు కట్టుకుని వచ్చి శాపం పెట్టిందని వాళ్లలో వాళ్లు కథ అల్లుకున్నారు. బంధువులు ఎక్కడ కలిసినా లిస్సీకి ఆ మాట వినిపించేది.

"నా పన్నెండో ఏట మా పెద్దమ్మ కొడుకు ఎర్లింగ్ అందరి ముందూ అన్నాడు. మీ అమ్మ మంత్రగత్తె అని. ఇంటికొచ్చి అమ్మని అడిగాను. అది ఎరుపు, నా చేత్తో నేనే కుట్టుకున్నాను అంది. మా ఇంట్లో ఉన్న కాపీ చూపించి, నల్లగా ఉంది కదమ్మా అన్నాను." ఆమె ప్లాస్టిక్ కవరు అంచు సరిచేసింది. "నేను కూడా నమ్మలేదు. అమ్మ ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు."

హెల్గె లేచి ఆమెకు కాఫీ పోశాడు.

"మరి మాకేమీ రాయలేదేం?" అని అడిగాను. "నేను రాసిన దానికి కూడా జవాబివ్వలేదు."

"రాద్దామని కూర్చున్నానండీ. ఏం రాసినా, ఎరుపని చెప్పండి బాబూ అని అడుక్కున్నట్టే ఉంది. ముసలావిడ ముచ్చట తీర్చారని రేపు ఎర్లింగ్ అంటాడు. ఏమీ తెలియనివాళ్లు చూసి ఏం చెబుతారో చూద్దామనుకున్నాను. మీరు నల్ల గౌనని రాస్తే అక్కడితో వదిలేద్దామనుకున్నాను." ఆమె ఉత్తరం మీద చేయి వేసింది. "ఇప్పుడు చెప్పేశాను కదా. ఎరుపని రాసివ్వండి."

"రాయను" అంది కెట్టీ.

లిస్సీ ముఖం గట్టిపడింది. "మా అమ్మ అబద్ధం చెప్పిందంటారా?"

"అనను. మీ అమ్మగారు కుట్టుకున్నారు, ఆవిడకే తెలుస్తుంది. నేను చూసింది ఫోటో. అందులో ఉన్నది నేను రాశాను. లేనిది రాస్తే, ఉన్నదాన్ని కూడా ఎవరూ నమ్మరు."

"ఇంత దూరం వచ్చాను నేను."

"తెలుసు. అందుకే చెబుతున్నా. నలుపని ఎవరూ తేల్చలేరని మీ చేతిలో కాగితం ఉంది. డెబ్భై ఏళ్లుగా వాళ్లు దేన్ని చూపించి మీ నోరు మూయించారో, ఆ ఫోటోయే ఇప్పుడు వాళ్లకి సాక్ష్యం చెప్పనంటోంది. మీ అమ్మగారి మాట వేరే రాద్దాం, ఆవిడ మాటగా. కూతురు చెప్పినట్టు, గౌను ఎరుపు, స్వయంగా కుట్టుకున్నది అని. ఏది ఎవరు చెప్పారో తెలిస్తే చాలు, రెండూ నిలబడతాయి."

లిస్సీ చాలాసేపు కిటికీ బయట సైకిళ్ల వైపు చూసింది. "మీరు మొండివాళ్లండీ" అంది చివరికి.

"అందరూ అంటారు" అన్నాడు హెల్గె.

రంగు కాపీ ఒకటి చేసివ్వమంటారా అని అతనే అడిగాడు, ఈసారి అనుమతి తీసుకుని. గౌనుకి ఎరుపు వేసి, కింద ఎవరి మాట మీద వేశామో రాస్తామని. లిస్సీ ఆలోచించి వద్దంది. "ఏ ఎరుపో నాకు తెలియదు. అమ్మ చెప్పలేదు, నేను అడగలేదు." కెట్టీ ఆమె చేతి మీద చేయి వేసింది. ఇన్నేళ్ల పరిచయంలో ఆమె ఎవరినైనా అలా తాకడం నేను రెండు మూడుసార్లే చూశాను.

మే నెలలో ఎర్లింగ్‌ను వెంటబెట్టుకుని లిస్సీ మళ్లీ వచ్చింది. లావుపాటి మనిషి, పొలం అమ్మేసినా బూట్లు మాత్రం పొలానివే. గుమ్మంలోనే అన్నాడు.

"ఎవరండీ ఆ ఫోటోల మంత్రగత్తె?"

"ఆ మాట మీ కుటుంబంలో చాలా తేలిగ్గా వస్తుందనుకుంటా. కూర్చోండి" అంది కెట్టీ.

అతను కూర్చున్నాడు. హెల్గె తెర మీద ముందు అసలు ఫోటో, తర్వాత ఎరుపు పొర, తర్వాత నీలం పొర వేశాడు. జెండా బయటపడగానే ఎర్లింగ్ ముందుకు వంగాడు. కెట్టీ ఏమీ వివరించలేదు. "ఆ జెండా ఏ రంగులో పడిందో చూడండి, తర్వాత మీ పిన్ని గౌను చూడండి" అంది అంతే.

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నెత్తి రుద్దుకున్నాడు. లిస్సీ ఎదురుచూస్తూ కర్ర పిడిని తిప్పుతోంది.

"మా అమ్మ ఎప్పుడూ నలుపనలేదు" అన్నాడు. "ఇప్పుడు ఆలోచిస్తే, ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ అసలు ఆ పెళ్లి గురించే మాట్లాడేది కాదు. మేమే అన్నాం. నేనూ, మా అన్నా. ఫోటో చూసి."

"నువ్వే ఎక్కువ అన్నావు" అంది లిస్సీ.

"నేనే ఎక్కువన్నాను." అతను ఆమె వైపు తిరిగాడు. "ఆ రోజు నువ్వు ఏడుస్తూ వెళ్లావు. నేను చూశాను. అయినా ఊరుకున్నాను."

లిస్సీ కర్ర తిప్పడం ఆపి బల్లకు ఆనించింది. కాసేపటికి తన ప్లేటులోని దాల్చినచెక్క రొట్టె సగం తుంచి అతని ముందుకు నెట్టింది.

కెట్టీ వాళ్లను ఎక్కువసేపు అలా వదల్లేదు. పని ఉంది. ఫోటోలో మిగతావాళ్ల పేర్లు అడగమని నాకు సైగ చేసింది. ఇద్దరూ తెర ముందుకు కుర్చీలు లాక్కున్నారు. పది మంది పేర్లు తేలాయి. పెళ్లికూతురు వెనక నిలబడిన మీసాల మనిషి దగ్గర గొడవొచ్చింది. గుర్రాల వ్యాపారి మామయ్య అని ఎర్లింగ్ అన్నాడు. ఆ మామయ్య అప్పటికే పోయాడు, ఇతను పక్క పొలం ఆయన అని లిస్సీ అంది.

"చెవులు చూడు, మా వంశం చెవులే!"

"చెవులు ఊళ్లో అందరికీ ఉంటాయి, ఎర్లింగ్."

నేను కలం పట్టుకుని కెట్టీ వైపు చూశాను.

"ఇద్దరు చెప్పిందీ రాయి, ఎవరేం చెప్పారో పక్కన పెట్టు" అని, ఆమె కళ్లజోడు సర్దుకుని ఆ చెవుల దగ్గర బొమ్మను పెద్దది చేయమని హెల్గెకు చెప్పింది.